మీటరు తిరిగిన దూరం, కిరాయి వచ్చిన దూరం

ఖరగ్‌పూర్‌లో కారు మీద నాలుగు రూపాయలు సంపాదించాలనుకునేవాడికి అసలు పోటీ ఇంకో కారు కాదు, రైలు. ఇక్కణ్ణుంచి హౌరా 115 కిలోమీటర్లు. లోకల్ ట్రైనెక్కితే పాతిక, ముప్పై రూపాయల్లో దిగొచ్చు. పైగా ఇది రైల్వే వాళ్ళ ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాల్లో, రైలుకు టికెట్టు కొనడం కంటే పాసు రాయించుకోవడమే ఎక్కువ అలవాటు. ఊళ్ళో తిరగడానికి టోటోలున్నాయి. గోల్‌బజార్ నుంచి ఇందాకో మలంచకో వెళ్ళడానికి ఫోనులో కారు పిలిచేవాళ్ళు తక్కువ.

మరి కారు సీటుకు డబ్బులిచ్చేదెవరు? తెల్లవారుజామున దమ్‌దమ్‌లో విమానం ఎక్కాల్సిన ఐఐటీ విద్యార్థి, పెద్దవాళ్ళను కలకత్తా ఆసుపత్రిలో చూపించి తీసుకురావాల్సిన ఇంటివాళ్ళు, సెమిస్టరు మొదట్లో మూడు పెట్టెలతో పిల్లను హాస్టల్లో దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు. గిరాకీ ఉంది. కాకపోతే అది రోజంతా ఉండేది కాదు, రెండు వైపులా సమానంగా ఉండేదీ కాదు. పొద్దున అటు వెళ్ళే మనిషి దొరికినంత మాత్రాన సాయంత్రం ఇటు వచ్చే మనిషి దొరుకుతాడని లేదు. ఈ వ్యాసంలోని లెక్కంతా చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతుంది.

వాయిదాల మీద కారు కొన్న కుటుంబం ముందు రెండు దారులు కనిపిస్తాయి. బండిని టాక్సీగా రిజిస్టరు చేయించి యాప్ కంపెనీలకు నడపడం ఒకటి. తాను ఎలాగూ వెళ్ళే దారిలోనే మిగిలిన సీట్లలో మనుషులను ఎక్కించుకుని ఖర్చు పంచుకోవడం రెండోది. ఈ రెండింటినీ జనం ఒకే ప్రశ్నతో కొలుస్తారు, “నెలకెంత మిగులుద్ది?” అని. ఆ ప్రశ్నలోనే తికమక ఉంది. మొదటిది వ్యాపారం, రెండోది ఖర్చు తగ్గించుకోవడం. రెండింటికీ కొలత వేరు.

కొలత మారితే జవాబు ఎంత మారుతుందో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక వాదన చాలు. 2018లో ఎంఐటీ ప్రచురించిన ఒక అధ్యయనంలో స్టీఫెన్ జోఫ్ బృందం వెయ్యిమందికి పైగా ఉబర్, లిఫ్ట్ డ్రైవర్ల సర్వే ఆధారంగా, బండి ఖర్చులు పోను మధ్యస్థ డ్రైవరుకు గంటకు మిగిలేది 3.37 డాలర్లేనని తేల్చింది. ఉబర్ ముఖ్య ఆర్థికవేత్త వెంటనే అడ్డుచెప్పాడు. ఆదాయం గురించి అడిగిన ఒక ప్రశ్నకు డ్రైవర్లిచ్చిన జవాబును మీరు తప్పుగా చదివారన్నాడు. జోఫ్ ఆ అభ్యంతరాన్ని కొంత ఒప్పుకుని మళ్ళీ లెక్క వేస్తే, ఆ ప్రశ్నను చదివే తీరును బట్టి 8.55 డాలర్లో, 10 డాలర్లో వచ్చింది. డ్రైవర్లు వాళ్ళే, సర్వే అదే, జవాబు మాత్రం మూడింతల దాకా పెరిగింది. అందుకే ఎవరైనా “నాకు నెలకు ముప్పై వేలు వస్తున్నాయి” అంటే, అది ఏ ఖర్చు తీశాక, ఏ ఖర్చు తీయకముందు అన్నది తేలేదాకా ఆ అంకెతో పని లేదు.

మన దగ్గర ఈ తికమక ఎక్కువగా వాయిదా దగ్గరే మొదలవుతుంది. రోడ్డెక్కేసరికి 8 లక్షలైన పెట్రోలు కారు, అందులో 6 లక్షలు అప్పు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, అయిదేళ్ళ గడువు అనుకుందాం. నెల వాయిదా 12,600 రూపాయల దగ్గర వస్తుంది. దీన్ని చాలామంది ఖర్చు కింద రాసుకుంటారు. నిజానికి మొదటి నెల వాయిదాలో వడ్డీ 4,750 రూపాయలే. మిగిలిన 7,850 అసలు కిందికి పోతుంది, అంటే మన బండి మీద మన వాటా పెరుగుతుంది. అది ఖర్చు కాదు, చేబదులు తీర్చడం లాంటిది. అసలు ఖర్చు వేరే చోట ఉంది. బండి నడిచేకొద్దీ దాని అమ్మకం ధర పడిపోతుంది. ఆ పడిపోయేదానికి రసీదు ఉండదు, ఎవరూ ఫోను చేసి అడగరు. అందుకే అది లెక్కలోకి రాదు. కొందరు జాగ్రత్తపరులు వాయిదా మొత్తాన్నీ, బండి ధర తరుగునూ రెండింటినీ ఖర్చులో రాసి రెండుసార్లు దండుగ కట్టుకుంటారు. అదీ తప్పే. ఈ నెల గడుస్తుందా అని చూడాలంటే వాయిదా వెయ్యాలి. ఈ పని వల్ల మిగిలిందా పోయిందా అని చూడాలంటే వడ్డీ, తరుగు వెయ్యాలి. రెండు పద్దులూ విడివిడిగా రాయాలి, కలపకూడదు.

టాక్సీగా తిరిగే బండి ఎంత వేగంగా అరుగుతుందో మన ఆదాయపు పన్ను నిబంధనలే ఒప్పుకుంటాయి. వ్యాపారంలో వాడే మామూలు కారుకు ఏటా 15 శాతం తరుగు అనుమతిస్తే, కిరాయికి తిరిగే టాక్సీకి 30 శాతం అనుమతిస్తాయి. మన లెక్కకు కిలోమీటరుకు 3 రూపాయలు తరుగు వేద్దాం. టాక్సీగా రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఎనిమిది లక్షల బండిని రెండు లక్షలకు అమ్ముకోగలిగితే సరిగ్గా ఇదే వస్తుంది. టైర్లు, ఆయిల్ సర్వీసు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్చు, బ్యాటరీ, కింద సస్పెన్షను, అన్నీ కలిపి అరుగుదల కిలోమీటరుకు 1 రూపాయి 70 పైసలు. పెట్రోలు లీటరు 106 అనుకుని, హైవే మీద 17 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు 6 రూపాయల 24 పైసలు. ఇవన్నీ ఉదాహరణ అంకెలు. ఎవరి బండికి వాళ్ళ అంకెలు వేసుకోవాలి, పద్ధతి మాత్రం ఇదే.

ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో క్యాబ్ డ్రైవరుకు కాస్త మంచి బేరంగా కనిపించేది తీసుకుందాం. ఐఐటీ గేటు నుంచి కలకత్తా విమానాశ్రయం. దగ్గర దగ్గర 145 కిలోమీటర్లు, రానుపోను 290. ప్రయాణికుడు 2,800 ఇచ్చాడనుకుందాం, వెళ్ళేటప్పటి టోలు అతనే కట్టాడు. కేంద్ర రవాణా శాఖ 2025లో ఇచ్చిన అగ్రిగేటర్ మార్గదర్శకాల ప్రకారం సొంత బండి నడిపే డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలి. ఆ లెక్కన చేతికి 2,240. పెట్రోలుకు 1,808 పోతుంది. అరుగుదలకు 493. దారిలో దేబ్రా, ధూలాగఢ్ దగ్గర టోలు గేట్లున్నాయి. గేటుకు వంద చొప్పున వేస్తే ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు 200 మన జేబులోంచే. కూడి తీసేస్తే 261 రూపాయలు నష్టం. ఇంకా బండి తరుగు వెయ్యనేలేదు, డ్రైవరు పొద్దుటి నుంచి స్టీరింగు దగ్గర కూర్చున్న కష్టం వెయ్యలేదు.

అదే రోజు తిరుగు బేరం దొరికితే కథ మారిపోతుంది. ఇంకో 2,240 వస్తుంది, తిరుగు టోలు ఆ ప్రయాణికుడు కడతాడు. చేతిలో 2,179 నిలుస్తుంది. తరుగు 870 తీసినా 1,309. ఒకే రోడ్డు, ఒకే బండి, ఒకే మనిషి. ఒక రోజు 261 పోగొట్టుకున్నాడు, ఇంకో రోజు రెండువేల పైచిలుకు తెచ్చుకున్నాడు. తేడా అంతా వెనక సీటు నిండి వచ్చిందా, ఖాళీగా వచ్చిందా అన్నదే. అనుభవం ఉన్న డ్రైవర్లు ట్రిప్పులు లెక్కపెట్టరు, ఖాళీగా నడిపిన దూరం లెక్కపెడతారు.

దీన్ని నెలకు విస్తరిద్దాం. ఇలాంటి రోజులు ఇరవై, అందులో సగం రోజులు తిరుగు బేరం దొరికింది. ఇంధనం, అరుగుదల, టోలు పోను 19,180 చేతికొస్తుంది. టాక్సీ బీమా, పర్మిట్టు, పన్ను, ఫిట్‌నెస్, బండిలో పెట్టాల్సిన ట్రాకింగ్ పరికరం ఖర్చు, అన్నీ ఏడాదికి 48,000 అనుకుంటే నెలకు 4,000. వాయిదా 12,600. ఇవి కట్టాక మిగిలేది 2,580. “కిస్తీలు బండే కట్టుకుంటోంది, పైన కాస్త మిగుల్తోంది” అని ఆ ఇంట్లో అనుకుంటారు. జాగ్రత్తగా చూస్తే ఆ నెల 5,800 కిలోమీటర్లు తిరిగిన బండి ధరలో 17,400 కరిగింది. అప్పులో అసలు తీరింది 7,850. చేతిలోని 2,580కి తీరిన అసలు కలిపి, కరిగినది తీసేస్తే, ఆ నెల ఇల్లు 6,970 రూపాయలు వెనక్కి పోయింది. ఇది ఇవాళ తెలియదు. మూడో ఏడాది బండి అమ్మబోతే, వచ్చే ధర కంటే బ్యాంకుకు ఇవ్వాల్సిన అప్పు ఎక్కువుందని తేలిన రోజున తెలుస్తుంది. యాప్ బండ్లు వాయిదాలు కట్టలేక ఫైనాన్సు కంపెనీల యార్డులకు చేరే దారి ఎక్కువగా ఇదే. రోజూ చేతిలో డబ్బు ఆడుతుండగానే మునిగిపోవడం.

కాబట్టి డైరీలో రాసుకోవాల్సింది ఒకే ఒక్క నిష్పత్తి. మీటరు మీద నూరు కిలోమీటర్లు తిరిగితే అందులో కిరాయి వచ్చినవి ఎన్ని? పై ఉదాహరణలో కిరాయి దూరానికి కిలోమీటరుకు 15 రూపాయల 45 పైసలు చేతికొస్తున్నాయి. ఖాళీ తిరుగు టోలు పక్కన పెట్టి, పెట్రోలు, అరుగుదల, తరుగు, వడ్డీ, నెలవారీ కాగితాల ఖర్చు అన్నీ పరిస్తే తిరిగిన ప్రతి కిలోమీటరుకూ 12 రూపాయల 44 పైసలు పోతోంది. అంటే పెట్రోలు బండికి నూటికి ఎనభై కిలోమీటర్లు కిరాయి దూరమైతే తప్ప సున్నా దగ్గరకు కూడా రాదు. సగం రోజులు తిరుగు బేరం దొరికిన మన డ్రైవరుది డెబ్బై అయిదు. అందుకే మునిగాడు. ఇరవైలో పదహారు రోజులు తిరుగు బేరం దొరికినవాడిది తొంభై అవుతుంది, అతనికి అన్నీ పోను 7,670 నిజంగా మిగులుతుంది. రోజుకు పది గంటలు వేసుకుంటే గంటకు నలభై రూపాయలు కూడా లేదు.

సీఎన్‌జీ బండైతే ఈ గీత కిందికి దిగుతుంది. కిలో 95 రూపాయలు, కిలోకు 26 కిలోమీటర్లు అనుకుంటే ఇంధనం 3 రూపాయల 65 పైసలకు పడిపోతుంది, నూటికి అరవై నాలుగు దగ్గరే సున్నా దాటుతుంది. అదే పదహారు తిరుగు బేరాల నెలలో మిగులు 22,600 దాటుతుంది. టాక్సీ స్టాండుల్లో కొత్త పెట్రోలు బండి అరుదుగా కనిపించడానికి కారణం ఇదే. ఇంట్లో వాడుకోవడానికి ముచ్చటపడి కొన్న పెట్రోలు ఆటోమేటిక్‌ను తర్వాత టాక్సీగా మారుద్దామనుకునేవాళ్ళు మొదట చూడాల్సింది ఈ ఒక్క తేడా. బేరాలు తెచ్చే యాప్ ఏది అన్నది దాని తర్వాతి మాట.

యాప్ మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. ఒకప్పుడు కంపెనీలన్నీ ప్రతి ట్రిప్పులో శాతం కోసుకునేవి. 2022లో బెంగళూరులో నమ్మ యాత్రి, 2023లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెచ్చిన యాత్రీ సాథీ కమీషను లేని పద్ధతిని తెచ్చాయి. ఆ తర్వాత పెద్ద కంపెనీలు కూడా రోజు రుసుము, చందా వైపు కదిలాయి. చందా పద్ధతి రోజంతా నగరంలో తిరిగే డ్రైవరుకు బాగుంటుంది. రోజుకు ఒకే పొడవైన బేరం చేసే ఖరగ్‌పూర్ డ్రైవరుకు ఎంత లాభమో, ఆ రోజు బేరమే దొరకకపోతే ఎంత నష్టమో అతనే వేసుకోవాలి. ఏ పద్ధతైనా ఖాళీ దూరాన్ని మాత్రం ఎవరూ భరించరు. 2025 మార్గదర్శకాల్లో సైతం, ఎక్కించుకోవడానికి ఖాళీగా వచ్చిన దూరానికి ప్రయాణికుడి దగ్గర డబ్బు తీసుకోవడానికి వీల్లేదు, ప్రయాణం మూడు కిలోమీటర్ల లోపు చిన్నదైతే తప్ప. ఖాళీ తిరుగు తప్పించుకోవడానికి కొందరు కలకత్తాలోనే ఉండిపోయి, రెండు రోజులు నగరంలో నడిపి, ఇటు బేరం దొరికినప్పుడు వస్తారు. నూటికి ఎనభై అలా సాధించవచ్చు. కానీ నగరపు ట్రాఫిక్‌లో పదిహేడు ఇచ్చే బండి పన్నెండుకు దిగుతుంది, రాత్రి పార్కింగు, తిండి ఖర్చు వచ్చిపడతాయి, మనిషి ఇంటికి దూరమవుతాడు.

ఇప్పుడు రెండో దారి. మథురాకాటిలో ఇల్లు, మేదినీపూర్‌లో ఉద్యోగం ఉన్న మనిషిని తీసుకుందాం. కంసావతి వంతెన దాటి వెళ్ళడానికి పదిహేను కిలోమీటర్లు, నెలకు ఇరవై నాలుగు రోజులు, మొత్తం 720 కిలోమీటర్లు. ఊరి రోడ్ల మీద లీటరుకు పద్నాలుగే వస్తుంది కాబట్టి పెట్రోలు, అరుగుదల కలిపి కిలోమీటరుకు 9 రూపాయల 27 పైసలు, నెలకు దాదాపు 6,675. ఇద్దరిని తోడు తీసుకుని ముగ్గురూ సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి ట్రిప్పుకు 46 రూపాయలు పడుతుంది. ఇవ్వరు. బస్సు, లోకల్ ట్రైను అంతకంటే చాలా చవక. ఇంటి దగ్గర ఎక్కి ఆఫీసు దగ్గర దిగే సుఖానికి ముప్పై ఇస్తారనుకుందాం. నెలకు 2,880 వస్తుంది. వాళ్ళను ఎక్కించుకోవడానికి రోజుకు రెండు కిలోమీటర్లు అదనంగా తిరిగితే 445 పోతుంది. నికరంగా 2,435.

వాయిదా 12,600లో ఇది అయిదో వంతు కూడా కాదు. అయినా దీన్ని తీసిపారేయకూడదు. ఈ మనిషి అదనంగా పెట్టిన సమయం రోజుకు పది నిమిషాలు, నెలకు నాలుగు గంటలు. గంటకు ఆరు వందలు! బాగా నడిచే టాక్సీవాడి గంట సంపాదనకు పదిహేను రెట్లు. బండికి అదనంగా పడిన తరుగు నలభై ఎనిమిది కిలోమీటర్లదే. మిగిలిన దూరం ఎవరూ ఎక్కకపోయినా తిరిగేదే. సీటు పంచుకోవడంలో కిటుకంతా ఇదే. గంట లెక్కలో దాన్ని మించింది లేదు, మొత్తం లెక్కలో అది చాలదు. రోజుకు రెండుసార్లే ఆఫీసుకు వెళ్ళొస్తాం కాబట్టి దాన్ని పెంచడానికీ దారి లేదు. పెంచుదామని మధ్యాహ్నం ఇంకో చుట్టు వేసిన క్షణాన అది పంచుకోవడం కాకుండా పోతుంది, పర్మిట్టు లేని టాక్సీ అవుతుంది.

దూరప్రయాణంలో ఈ లెక్క ఇంకాస్త బలంగా ఉంటుంది. వారానికోసారి కలకత్తా వెళ్ళిరావాల్సిన పని ఉన్నవాడికి రానుపోను 260 కిలోమీటర్లు, పెట్రోలు, అరుగుదల, నాలుగుసార్లు టోలు కలిపి 2,463. ముగ్గురు తోడు దొరికి వెళ్ళేటప్పుడు మూడు వందలు, వచ్చేటప్పుడు మూడు వందలు ఇస్తే 1,800 వాళ్ళ నుంచే వస్తుంది. యజమాని ప్రయాణం 663 రూపాయల్లో ముగుస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఇచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాసు ఇక్కడ ఇంకో మెట్టు. మొదలుపెట్టినప్పటి ధర ప్రకారం జాతీయ రహదారుల మీద మూడు వేలకు రెండు వందల గేట్లు, అంటే గేటుకు పదిహేను రూపాయలు. వారానికి నాలుగు గేట్ల చొప్పున ఏడాదికి 208 కాబట్టి పాసు దాదాపు ఏడాది వస్తుంది. టోలు 400 నుంచి 60కి దిగుతుంది. ఈ పాసు టాక్సీ ప్లేటు బండికి ఇవ్వరు. బండిని టాక్సీగా మార్చినవాడు పోగొట్టుకునేవాటిలో దీన్ని ఎవరూ లెక్కించరు.

మనిషిని వెతికిపెట్టే పని ఊళ్ళ మధ్య ప్రయాణాలకు బ్లాబ్లాకార్ లాంటివి చేస్తున్నాయి. 2015లో మన దేశానికి వచ్చిన ఆ ఫ్రెంచి కంపెనీ ఇక్కడి ఆఫీసు మూసుకున్నా యాప్ మాత్రం జనంలో మిగిలి పెరిగింది. రోజువారీ ఆఫీసు ప్రయాణానికి మాత్రం ఖరగ్‌పూర్ లాంటి ఊళ్ళో యాప్ కంటే ఒకే ఆఫీసువాళ్ళు, ఒకే కాలనీవాళ్ళు కలుసుకోవడమే నిలుస్తుంది. కారణం సింపుల్. ఆలస్యమైతే ఫోను చేసి “దాదా, అయిదు నిమిషాలు” అనగలిగే మనిషితోనే ఏడాది పొడవునా పొసుగుతుంది.

చట్టం సంగతి ఇక్కడే రావాలి, ఎందుకంటే రెండో దారిలోని అసలు ఖర్చు అక్కడ దాగి ఉంది. సొంత కారు సమగ్ర బీమా పాలసీ తీసి చూస్తే, వాడకంపై పరిమితులు అన్న పేరాలో మొదటి మినహాయింపే కిరాయికి గానీ ప్రతిఫలానికి గానీ వాడకూడదని ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం రవాణా వాహనానికి పర్మిట్టు కావాలి. అది లేకుండా కిరాయికి తిప్పితే 192ఎ సెక్షను కింద మొదటిసారికే పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. సహోద్యోగి పెట్రోలుకు ముప్పై రూపాయలివ్వడం ప్రతిఫలమా? మన చట్టంలో దీనికి సూటిగా జవాబు లేదు. బ్రిటన్‌లో ఉంది. అక్కడి 1988 రోడ్డు ట్రాఫిక్ చట్టం 150వ సెక్షను, ప్రయాణికులిచ్చిన మొత్తం బండి నడిపే ఖర్చును మించకపోతే దాన్ని కిరాయి వాడకం కింద చూడకూడదంటుంది. ఆ నడిపే ఖర్చులో బండి తరుగును, అరుగుదలనూ కలుపుకోవచ్చని స్పష్టంగా రాసింది. మన యజమానులు లెక్కలో మర్చిపోయేదాన్నే అక్కడి చట్టం గుర్తుపెట్టుకుంది.

మన దగ్గర దానికి దగ్గరగా వచ్చింది 2020 నవంబరు నాటి కేంద్ర మార్గదర్శకాలు. రాష్ట్రం వద్దనకపోతే, సొంత బండ్లలో యాప్ ద్వారా సీట్లు పంచుకోవచ్చని, ఊళ్ళో అయితే రోజుకు నాలుగు ట్రిప్పులు, ఊళ్ళ మధ్య అయితే వారానికి రెండు మించకూడదని అవి చెప్పాయి. పైన చెప్పిన వారానికోసారి కలకత్తా రానుపోను సరిగ్గా ఆ రెండు ట్రిప్పులే. మిగతా నిర్ణయం రాష్ట్రాల చేతిలో ఉంది, అవి ఒక్క మాట మీద లేవు. మహారాష్ట్ర 2023 మొదట్లో సొంత బండ్లలో పూలింగు ఆపేసింది, 2025లో మళ్ళీ దారి తెరిచింది. అందుకని ఒక రాష్ట్రంలో నడుస్తోందన్న ధైర్యంతో ఇంకో రాష్ట్రంలో నడపడం పనికిరాదు.

ప్రమాదం జరిగితే బీమా పూర్తిగా పోతుందా? 2010లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసు వచ్చింది. సొంత కారు, ప్రమాద సమయంలో కిరాయికి తిరుగుతోందని కంపెనీ క్లెయిమును మొత్తంగా తోసిపుచ్చింది. కోర్టు అలా మొత్తంగా కొట్టేయడం కుదరదంది, నాన్ స్టాండర్డ్ పద్ధతిలో కొంత తగ్గించి ఇవ్వమంది. ఆ పద్ధతిలో సాధారణంగా పై హద్దు 75 శాతం. అంటే రెండు లక్షల మరమ్మతుకు కనీసం యాభై వేలు మనవే, ఆ మిగిలినదానికీ కోర్టుల చుట్టూ తిరిగిన ఏళ్ళు అదనం. నెలకు 2,435 చొప్పున యాభై వేలు కూడాలంటే ఇరవై నెలలు దాటుతుంది. ఖర్చు పంచుకునేవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. బీమా కంపెనీకి, ఫలానా దారిలో ఫలానా సహోద్యోగులతో పెట్రోలు ఖర్చు పంచుకుంటున్నామని రాసి, జవాబు రాతలో తెప్పించుకోవడం. ఏజెంటు ఫోనులో “ఏం పర్లేదు సార్” అన్నది కాగితం కాదు.

టాక్సీ ప్లేటుకు ఈ భయం లేదు, దానికి మూల్యం యజమాని ముందే కడతాడు. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ మధ్య సొంత కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 అయితే, నలుగురు ప్రయాణికుల టాక్సీకి 7,940తో పాటు మనిషికి 978, మొత్తం 11,852. ఫిట్‌నెస్ ఎనిమిదేళ్ళ లోపు బండికి రెండేళ్ళకోసారి, తర్వాత ఏటా. లైసెన్సు విషయంలో మాత్రం భారం తగ్గింది. తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవాడు ఏడున్నర టన్నుల లోపు రవాణా వాహనం నడపడానికి వేరే ముద్ర అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అసలు చిక్కు అప్పు దగ్గర వస్తుంది. బండి బ్యాంకు తాకట్టులో ఉంటే ప్లేటు మార్చడానికి బ్యాంకు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా వడ్డీ రేటు వాణిజ్య వాహనం రేటుకు మారవచ్చు. సొంత కారు అప్పు మీద కొన్న బండిని చెప్పకుండా టాక్సీగా తిప్పడం చాలా అప్పు పత్రాల్లో షరతు ఉల్లంఘన కిందికే వస్తుంది.

అందువల్ల ఖరగ్‌పూర్‌లో ఈ పనికి సరిపోయే మనుషులు ఎవరో కొంత తేలుతుంది. వేరే ఉద్యోగం లేక, పూర్తి రోజు పెట్టగలిగి, సీఎన్‌జీ బండి ఉండి, కలకత్తాలో తల దాచుకోవడానికి బంధువుల ఇల్లో మరొకటో ఉన్నవాడికి టాక్సీ ఒక జీవనోపాధి. అతను నూటికి తొంభై అందుకోగలడు. రైల్వేలోనో బడిలోనో ఉద్యోగం ఉండి, సాయంత్రాలు, ఆదివారాలు మాత్రమే ఖాళీ ఉన్నవాడికి కాదు. సగం రోజు డ్రైవరుకు కూడా బీమా, పర్మిట్టు, పన్ను ఏడాదికి పూర్తిగానే పడతాయి. అతను నెలకు ఆరు ట్రిప్పులు మాత్రమే చేస్తే ఆ నాలుగు వేలు ఒక్కో ట్రిప్పు నెత్తిన 667 రూపాయలుగా కూర్చుంటాయి. ఖాళీగా తిరిగి వచ్చే రోజున ముందే 261 పోతోందని చూశాం, దానికి ఇది తోడు. ఉద్యోగం ఉన్న యజమాని సీటు పంచుకుని తన పెట్రోలు బిల్లు తగ్గించుకోవాలి, వాయిదా జీతంలోంచే కట్టుకోవాలి. రెండు వేల నాలుగు వందల మిగులును ప్రతి నెలా అప్పు అసలు కింద ముందస్తుగా జమ చేయగలిగితే, అయిదేళ్ళ అప్పు దాదాపు పదకొండు నెలల ముందే తీరుతుంది. బ్యాంకు ముందస్తు చెల్లింపుకు రుసుము వేస్తుందో లేదో అప్పు పత్రంలో చూసుకుని మరీ.